మావాడి ‘నీటి పొదుపు’ వ్యాసం కాస్త చూసిపెడతారా? (9వ తరగతి, సోమవారం ఇవ్వాలి)

రాధిక_బి · శుక్రవారం, రాత్రి 9:10

అందరికీ నమస్తే. మాది అనంతపురం వైపు ఒక చిన్న టౌన్. మావాడు తొమ్మిదో తరగతి. తెలుగు టీచర్ ‘నీటి పొదుపు ప్రాముఖ్యత’ మీద రెండు పేజీల వ్యాసం రాసుకురమ్మన్నారు. పరిచయం, ఉదాహరణలు, ముగింపు తప్పకుండా ఉండాలట. వాడు అక్కడా ఇక్కడా చూసి రాసుకున్నది ఇదీ:

“నీరు ప్రాణాధారం. నీరు లేనిదే జీవం లేదు. భూమి మీద నాలుగింట మూడు వంతులు నీరే అయినా అందులో 3 శాతమే తాగడానికి పనికొస్తుంది. మన పూర్వీకులు నీటిని దేవతగా పూజించారు. కానీ నేటి మానవుడు నీటిని వృథా చేస్తున్నాడు. ఒక కొళాయి నుంచి సెకనుకు ఒక చుక్క కారితే రోజుకు వెయ్యి లీటర్ల నీరు వృథా అవుతాయి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో నీళ్ళు అయిపోయాయి. చెన్నైలో కూడా నీళ్ళు అయిపోయాయి. కాబట్టి మనమందరం నీటిని పొదుపు చేయాలి. నేటి నీటి చుక్కే రేపటి ప్రాణం!”

పేజీ కూడా నిండలేదు. ఇంకేం రాయాలో వాడికి తోచట్లేదు, నాకూ తోచట్లేదు. నేను చదివింది ఇంగ్లీషు మీడియం. ఎవరైనా సాయం చేయండి.

టెన్త్_బ్యాచ్ · శుక్రవారం, రాత్రి 9:24

అక్కా, టెన్షన్ వద్దు. పైన ఒక కొటేషన్, కింద ఒక కొటేషన్, రెండింటికీ స్కెచ్ పెన్నుతో బాక్స్. మధ్యలో సైడ్ హెడ్డింగులు: నీటి అవసరం, నీటి కొరత, కారణాలు, నివారణ, ముగింపు. ఒక్కో దాని కింద నాలుగు లైన్లు. మా స్కూల్లో అందరం ఇలాగే రాస్తాం. ఎవరూ మొత్తం చదవరు అక్కా, హెడ్డింగులు చూసి మార్కులు వేస్తారు.

డల్లాస్_సుబ్బు · శుక్రవారం, రాత్రి 10:02

రాధిక గారూ, మా ఇంట్లో కూడా ఇదే గొడవండీ. ఇక్కడ లాన్‌కు వారానికి రెండు రోజులు మించి నీళ్ళు పెట్టకూడదు. మా స్ప్రింక్లర్ టైమర్ పాడై మూడో రోజు కూడా తిరిగింది, నోటీసు వచ్చింది. టైమర్ మార్చడం కంటే చేత్తో తిప్పే వాల్వ్ పెట్టుకోవడం మేలని నా అనుభవం. మీరు ఏ కంపెనీది వాడుతున్నారు?

రాధిక_బి · శుక్రవారం, రాత్రి 10:05

సుబ్బు గారూ, మాకు లాన్ లేదండీ. కుళాయి దగ్గర కరివేపాకు చెట్టు ఒకటి ఉంది. నేను అడిగింది వ్యాసం గురించి 🙂

చాక్‌పీసు · శనివారం, ఉదయం 6:40

అమ్మా రాధికా, ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇలాంటి వ్యాసాలు వేలల్లో దిద్ది ఉంటాను. మీవాడి భాష బాగానే ఉంది, చిక్కంతా సరుకులో. వాక్యం వాక్యానికీ వాణ్ణి “ఇది నీకెలా తెలుసు?” అని అడిగి చూడు. దేనికీ జవాబు రాదు.

ముందు ఆ చుక్కల సంగతి చూద్దాం. సెకనుకో చుక్క అంటే రోజుకు 86,400 చుక్కలు. వాటి మొత్తం వెయ్యి లీటర్లయితే ఒక్కో చుక్కలో పదకొండు మిల్లీలీటర్లకు పైనే ఉండాలి. అంటే రెండు టీ చెంచాల పైమాటే. అంత పెద్ద చుక్క ఏ కొళాయి నుంచీ రాలదు. ఎవరో రాశారు, దాన్ని చూసి ఇంకొకరు రాశారు, అలా మీవాడి నోటుబుక్కు దాకా వచ్చింది.

మీ ఇంట్లో కారే కొళాయి ఏదైనా ఉందా? ఉంటే దాని కింద ఒక గ్లాసు పెట్టించు. ఎన్ని నిమిషాలకు నిండిందో వాణ్ణే చూడమను. గ్లాసు కొలత ముందే తెలిసి ఉండాలి, అందుకు దగ్గు మందు సీసా మూత చాలు, దాని మీద మిల్లీలీటర్ల గీతలుంటాయి. ఆ లెక్క వచ్చాక వ్యాసం సంగతి మాట్లాడుకుందాం.

ఇంకొకటి. ‘నీరు’ అని మొదలుపెట్టి ‘అవుతాయి’ అని ముగించాడు. నీరు అయితే ‘అవుతుంది’, నీళ్ళు అయితే ‘అవుతాయి’. రెండింట్లో ఏదైనా తప్పు కాదు, ఒకే వాక్యంలో రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంతే.

శీర్షికలో ‘ప్రాముఖ్యత’ కూడా నాకు నచ్చదు. ప్రాముఖ్యం అన్నాక మళ్ళీ ‘త’ దేనికి?

సైట్_ఇంజినీర్ · శనివారం, ఉదయం 8:15

మాస్టారూ, ప్రాముఖ్యత అని పేపర్లలో రోజూ వస్తుంది కదా. టీచర్ ఇచ్చిన టాపిక్కే మార్చేస్తే మార్కులు కట్ అవుతాయి.

రాధిక గారూ, ఉదాహరణ నేనిస్తా. ఇంటి పైకప్పు మీద పడే వాన. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే కరెక్టుగా ఒక లీటరు. వంద గజాల ఇల్లంటే దాదాపు 84 చదరపు మీటర్లు. మీ వైపు ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన వేసుకోండి. 84ను 550తో గుణిస్తే 46,200 లీటర్లు. ఇంట్లో నలుగురుంటే ఏడాదంతా హాయిగా సరిపోతాయి. పిల్లలకు ఈ లెక్క చాలా నచ్చుతుంది.

ఏడో_బోరు · శనివారం, ఉదయం 8:50

అన్నా, నీ గుణకారం కరెక్టే, ‘హాయిగా’ దగ్గర తేడా కొట్టింది. నలుగురికి రోజుకు నాలుగు వందల లీటర్లు వేసుకున్నా 46 వేలు నాలుగు నెలలు కూడా రావు. పైగా మిద్దె మీద పడిందంతా నీ చేతికి రాదు. కొంత మిద్దే తాగేస్తుంది, కొంత ఎండకు పోతుంది, మొదటి వాన మురికిగా ఉంటుందని వదిలేస్తాం. ఐదింట నాలుగు వంతులు దక్కితే గొప్ప.

అసలు కష్టం ఇంకోటుంది. మా సీమలో 550 మిల్లీమీటర్లు రోజుకింత అని పడవు. రెండు నెలలు మబ్బు చూస్తూ కూర్చుంటాం, ఒక రాత్రి యాభై మిల్లీమీటర్లు దంచుతుంది. ఆ ఒక్క రాత్రే నీ మిద్దె మీద నాలుగు వేల లీటర్లు పడతాయి. మిద్దె మీద ట్యాంకు వెయ్యి లీటర్లది. మిగతా మూడు వేలు ఎక్కడ పెడతావు?

సైట్_ఇంజినీర్ · శనివారం, ఉదయం 9:05

ఇంకుడు గుంతలోకి వదిలితే బోరు రీచార్జ్ అవుతుంది కదా.

ఏడో_బోరు · శనివారం, ఉదయం 9:20

అవుతుంది, కాదనను. కానీ ఆ నీళ్ళు నీ బోరుకే వస్తాయని రాసిచ్చేదెవరు? రాయి పగులు ఎటుంటే అటు పోతాయి. పక్కవాడి బోరుకు పోవచ్చు. ఊరికి మంచిదే, నీ లెక్కలో మాత్రం రాసుకోలేవు. గుంతలో ఇసుక, కంకర పైపొర ఏడాదికోసారి తీసి కడగకపోతే మన్ను పట్టి మూసుకుపోతుంది, వాన నీళ్ళు గుంత మీదే నిలబడి దోమలు పెరుగుతాయి. మా ఊళ్ళో సగం గుంతలు ఇప్పుడు అట్లనే ఉండాయి.

రాధిక_బి · శనివారం, ఉదయం 11:30

మాస్టారూ, కొలిచాడు! పెరట్లో గిన్నెలు తోమే చోట కుళాయి చాలా రోజుల నుంచి కారుతోంది. మందు మూతతో స్టీలు గ్లాసు కొలిస్తే అంచు కింది గీత వరకు 200 మిల్లీలీటర్లు పట్టింది. మొదటిసారి నిండడానికి పది నిమిషాల చిల్లర, రెండోసారి తొమ్మిదిన్నర, మూడోసారి మళ్ళీ పది. సరే పది నిమిషాలనుకున్నాడు. గంటకు 1,200 మిల్లీలీటర్లు. రోజుకు 28.8 లీటర్లు.

మా బకెట్టు 15 లీటర్లది. అంటే రోజూ దాదాపు రెండు బకెట్లు. “వెయ్యి అని రాస్తే బాగుండేది, ఇరవై ఎనిమిదంటే చిన్నగా ఉంది” అని వాడికి ఒకటే దిగులు. నాకు మాత్రం గుండె ఝల్లుమంది. మా వీధికి నీళ్ళు మూడు రోజులకోసారి వస్తాయి. అంటే కుళాయి వచ్చిన రోజు నేను బిందెలు మోసుకొచ్చి నింపే నీళ్ళలో ఆరు బకెట్లు ఆ మోరీలోకే పోతున్నాయన్నమాట.

చాక్‌పీసు · శనివారం, మధ్యాహ్నం 12:10

అమ్మా, ఆ ఆఖరి వాక్యంతోనే వ్యాసం మొదలవ్వాలి. ‘నీరు ప్రాణాధారం’ అని కాదు, మూడు రోజులకోసారి నీళ్ళొచ్చే ఇంట్లో ఆరు బకెట్లు మోరీపాలవుతున్నాయని. పరిచయం అంటే విషయానికి దణ్ణం పెట్టడం కాదు, చదివేవాణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళడం.

28 చిన్న అంకె అని వాణ్ణి దిగులుపడొద్దను. వాడు మూడుసార్లు కొలిచి తెచ్చిన అంకె అది. మూడుసార్లు కొలిచానన్న మాట కూడా రాయమను.

ఇక కేప్‌టౌన్. అక్కడ నీళ్ళు అయిపోలేదమ్మా! వాడు తిరగేసి రాశాడు. 2018లో ఫలానా రోజు నుంచి కొళాయిలు కట్టేస్తామని నగరం వాళ్ళు ముందే చెప్పారు. ఆ ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లే వాడాలని నిబంధన పెట్టారు. జనం వాడకం తగ్గించారు, తర్వాత వానలూ పడ్డాయి, ఆ ‘కొళాయి కట్టేసే రోజు’ రానేలేదు. అయిపోయాయని రాస్తే పొదుపు చేసినా లాభం లేకపోయిందని అర్థం వస్తుంది. జరిగింది రాస్తే అదే మంచి ఉదాహరణ.

చెన్నైది వేరే కథ. 2019 వేసవిలో అక్కడి జలాశయాలు నిజంగానే ఎండాయి. ఆ జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు. యాభై వ్యాగన్లు, ఒక్కో ట్రిప్పుకు 25 లక్షల లీటర్లు. కానీ రెండు నగరాల గురించి చెరో ముక్క రాస్తే రెండూ గుర్తుండవు. ఒకటే ఉంచమను.

3 శాతం సంగతి కూడా సరిచెయ్యాలి. ఉప్పు లేని నీరు మొత్తం కలిపినా 3 శాతం లోపే. అందులో మూడింట రెండు వంతులు మంచుగా ఉంది. కాబట్టి ‘3 శాతమే తాగడానికి’ అన్నది సగం నిజం. నన్నడిగితే ఆ వాక్యమే తీసేస్తా, ప్రతి పిల్లాడి పేపర్లోనూ ఉంటుంది కాబట్టి.

మీ చుట్టాలెవరైనా కడప వైపు ఉన్నారా?

రాధిక_బి · శనివారం, మధ్యాహ్నం 12:25

మా అమ్మగారిది బద్వేలు దగ్గర మాస్టారూ. ఎందుకడిగారు?

చాక్‌పీసు · శనివారం, మధ్యాహ్నం 1:40

అయితే ఇంకేం! పోరుమామిళ్ళ చెరువు మీవాడు చూసే ఉంటాడు.

భోంచేసి వచ్చాను, కాస్త తీరిగ్గా చెప్తాను. ఆ చెరువు కట్టించింది విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు. భవదూరుడని కూడా అంటారు, ఉదయగిరి నుంచి పాలించేవాడు. 1369లో చెరువు దగ్గర భైరవుడి గుడి ముందు శాసనం వేయించాడు. సంస్కృత శాసనం. మామూలు శాసనాల్లో రాజుగారి పొగడ్తలు, దానాలు ఉంటాయి. ఇందులో అవీ ఉన్నాయి కానీ చెరువు ఎలా కట్టాలో, ఎలా కట్టకూడదో కూడా ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు చెప్పారు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బళ్ళు, రెండేళ్ళ పని అని కూడా రాసుకున్నారు.

ఆ దోషాలు వినండి. కట్టలోంచి నీరు ఊరడం. చవుడు నేల. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. చెరువు మధ్యలో నేల తాబేలు వీపులా ఉబ్బడం. నీళ్ళు తక్కువై కింద తడపాల్సిన భూమి ఎక్కువ కావడం. భూమి తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం.

మొదట చెప్పింది చూశారా, కట్టలోంచి నీరు ఊరడం! మీవాడు గ్లాసు పెట్టి కొలిచింది సరిగ్గా ఆ దోషాన్నే. ఆరున్నర వందల ఏళ్ళ కిందట రాయి మీద చెక్కిన మాట, మీ పెరట్లో గిన్నెలు తోమే చోట కనిపిస్తోంది. ‘మన పూర్వీకులు నీటిని దేవతగా పూజించారు’ అన్న వాక్యం కొట్టేసి అక్కడ దీన్ని పెట్టమను. పూజించారో లేదో గానీ లెక్క మాత్రం కట్టారు.

ఏడో_బోరు · శనివారం, సాయంత్రం 4:15

మాస్టారూ, దణ్ణం. ఐదో దోషం మళ్ళీ చదివినా. నీళ్ళు తక్కువ, తడపాల్సిన భూమి ఎక్కువ. అది మా ఊరి కథే.

పిల్లోని వ్యాసానికి అడ్డు తగలాలని కాదు గానీ ఒక మాట చెప్పాల. నా ఏడో బోరు రెండించుల నీళ్ళు పోస్తుంది. ఎన్ని లీటర్లని మీ గ్లాసు మాదిరే నేనూ చూసినా. రెండు వందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెడితే వంద సెకన్లకు నిండింది. అంటే సెకనుకు రెండు లీటర్లు, గంటకు ఏడు వేల రెండు వందలు. రోజుకు ఏడు గంటలు మోటారు ఆడిస్తా. యాభై వేల పైన లీటర్లు.

ఇప్పుడు పాపం రాధికక్క కుళాయి రోజుకు 28.8 లీటర్లు కారుతుంది. నా మోటారు ఒక్క రోజు ఎత్తిపోసే నీళ్ళు ఆ కుళాయి నుంచి కారాలంటే దగ్గర దగ్గర ఐదేండ్లు పడుతుంది. ఇట్లాంటి మోటార్లు మా ఒక్క ఊర్లోనే వందల్లో ఉండాయి. బడి పిల్లోళ్ళ చేత ‘పళ్ళు తోముకునేటప్పుడు కుళాయి కట్టేయండి’ అని రాయించి, మాకు మాత్రం ‘ఇంకో బోరు వేసుకో’ అంటే ఆ వ్యాసం అబద్ధం కాదా?

సైట్_ఇంజినీర్ · శనివారం, సాయంత్రం 4:40

మరి మీరు డ్రిప్పు పెట్టుకోవచ్చు కదన్నా? సబ్సిడీ ఉంది. సగం నీళ్ళు మిగులుతాయి.

ఏడో_బోరు · శనివారం, సాయంత్రం 5:10

పెట్టినా తమ్ముడూ. రెండెకరాల చీనీ తోటకు డ్రిప్పే. చెట్టుకు కావాల్సినంతే పోతుంది, నిజమే. మిగిలిన నీళ్ళు ఏం చేసినానో తెలుసా? పక్కన ఎకరాన్నర బీడుంటే దానికి కూడా లైను లాగి టమాట పెట్టినా. మోటారు ఆడే గంటలు తగ్గలేదు. నీళ్ళు మిగిల్తే రైతు ఊరికే ఉంటాడా? అప్పులు ఊరికే ఉంటాయా? డ్రిప్పుతో నాకు రాబడి పెరిగింది, భూమిలో నీళ్ళు పెరగలేదు. ఈ ముక్క ఏ వ్యాసంలోనూ రాయరు.

ఇంకో తంటా. మా నీళ్ళకు ఉప్పు ఎక్కువ. డ్రిప్పర్ల నోట్లో తెల్లగా పేరుకుపోతుంది. యాసిడ్ పోసి కడగకపోతే లైను చివర చెట్లకు చుక్క పోదు. పైకి అన్నిటికీ నీళ్ళు పోతున్నట్టే ఉంటుంది, చివరి వరస ఆకు ముడుచుకున్నాక తెలుస్తుంది.

చాక్‌పీసు · శనివారం, రాత్రి 7:30

అయ్యా, మీ డ్రమ్ము లెక్క చదివాక కాసేపు ఏమీ తోచలేదు. మీరన్నది నిజం. మన దేశంలో వాడే మంచినీటిలో ఎక్కువ భాగం, పదింట ఎనిమిది వంతులకు పైనే, సేద్యానికే పోతుంది.

కానీ లీటరుకు లీటరు పెట్టి తూచడం పూర్తిగా సరికాదనుకుంటాను. కొళాయి నీరు ఎక్కడి నుంచో పంపులతో ఎత్తి, శుద్ధి చేసి, పైపుల్లో తెచ్చింది. మూడు రోజులకోసారి వచ్చే నీరు. రాధికమ్మ ఇంట్లో పోయిన బకెట్టుకు మీ బోరు బదులివ్వలేదు. మీ పొలంలో పోయిన నీటికి ఆ కుళాయీ బదులివ్వలేదు. రెండూ వేరు వేరు కొరతలు.

ఏడో_బోరు · శనివారం, రాత్రి 8:05

రెండూ ఒకే భూమిలోంచి కదా మాస్టారూ వచ్చేది. మా టౌన్‌కు కూడా ఎండాకాలం బోరు నీళ్ళే తోల్తారు. సరే, మీరు పెద్దోళ్ళు, ఇంక వాదించను. ఒప్పుకున్నానని మాత్రం అనుకోవద్దండి.

టెన్త్_బ్యాచ్ · శనివారం, రాత్రి 8:20

మీరు ఇలా బోర్లు, శాసనాలు రాయించేస్తున్నారు, ఆ తమ్ముడికి రెండు పేజీలే ఉన్నాయి 😅 బాక్స్ కొటేషన్ మర్చిపోవద్దు.

రాధిక_బి · ఆదివారం, మధ్యాహ్నం 3:45

నిన్న రాత్రి అన్నీ వాడికి చదివి వినిపించాను. డ్రమ్ము లెక్క మీద వాళ్ళ నాన్నతో గంట వాదన పెట్టుకున్నాడు. పొద్దున్నే కూర్చుని మళ్ళీ రాశాడు. నేను స్పెల్లింగులు తప్ప ఏమీ ముట్టుకోలేదు:

“మా వీధికి మూడు రోజులకు ఒకసారి కుళాయి వస్తుంది. ఆ రోజు అమ్మ తెల్లవారుజామున లేచి బిందెలు, బకెట్లు, డ్రమ్ము నింపుతుంది. పెరట్లో కుళాయి ఒకటి కారుతూ ఉంటుంది. దాని కింద 200 మిల్లీలీటర్ల గ్లాసు పెట్టి మూడుసార్లు కొలిచాను. సుమారు పది నిమిషాలకు నిండింది. లెక్క కడితే రోజుకు 28.8 లీటర్లు, అంటే మళ్ళీ కుళాయి వచ్చేలోపు దాదాపు ఆరు బకెట్లు. అమ్మ మోసిన నీళ్ళు మోరీలోకి పోతున్నాయని అప్పటి వరకు మాకు తెలియదు. ఎందుకంటే చుక్కగా పోయేది కంటికి ఆనదు.

మా అమ్మమ్మగారి ఊరికి దగ్గరలో పోరుమామిళ్ళ చెరువు ఉంది. అక్కడ 1369లో వేసిన శాసనంలో చెడ్డ చెరువుకు ఆరు దోషాలు చెప్పారు. మొదటిది కట్టలోంచి నీరు ఊరడం. చెరువు ఎంత పెద్దదైనా కట్ట కారితే లాభం లేదు. ఇంకొక దోషం నీళ్ళు తక్కువగా ఉండి, తడపవలసిన భూమి ఎక్కువగా ఉండడం. మొదటి దోషం మా పెరట్లో ఉంది. రెండవది మా జిల్లా పొలాల్లో ఉంది.

ఒక రైతు తన బోరు నీటిని డ్రమ్ముతో కొలిచి మాకు చెప్పారు. ఆయన మోటారు ఒక్క రోజులో తోడే నీరు మా కుళాయి నుంచి కారడానికి దాదాపు ఐదేళ్ళు పడుతుంది. ఆయన డ్రిప్పు పెట్టారు. మిగిలిన నీటితో మరో పంట వేశారు. అందువల్ల ఆయన ఆదాయం పెరిగింది కానీ బోరులో నీరు పెరగలేదు. ఆయన చేసింది తప్పని నేను అనుకోను. కానీ నీటిని తక్కువగా వాడడం, నీటిని మిగల్చడం ఒకటి కాదని దీనివల్ల నాకు తెలిసింది.

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నగరం 2018లో మనిషికి రోజుకు 50 లీటర్లే వాడాలని చెప్పింది. అక్కడి ప్రజలు వాడకం తగ్గించారు. తర్వాత వానలు కూడా పడ్డాయి. కుళాయిలు కట్టేసే రోజు రాలేదు. అక్కడ అందరికీ ఒకే లెక్క చెప్పారు కాబట్టి అది వీలైంది. మా ఊళ్ళో ఎవరు ఎంత వాడుతున్నారో ఎవరికీ తెలియదు.

మేము కుళాయి బాగు చేయిస్తాము. దానివల్ల మా జిల్లా కొరత తీరదు. మా ఇంట్లో మాత్రం మూడు రోజులకు ఆరు బకెట్లు మిగులుతాయి. బోరుబావుల నీటిని కూడా ఊరందరూ కలిసి కొలిచి, ఏ పంటకు ఎంత వాడాలో ముందే అనుకుంటే బాగుంటుంది. అది ఎలా చేయాలో నాకు ఇంకా తెలియదు.”

చాక్‌పీసు · ఆదివారం, సాయంత్రం 5:00

‘చుక్కగా పోయేది కంటికి ఆనదు’. ఈ వాక్యం వాడిదేనా? అయితే వాడికి నా తరఫున ఒక మంచి పెన్ను కొనిపెట్టమ్మా.

ఒక్కటే చెప్తాను. ముగింపులో ‘నాకు ఇంకా తెలియదు’ అన్నది నాకు చాలా నచ్చింది, కానీ దిద్దేవాళ్ళందరికీ నచ్చకపోవచ్చు. మార్చమని నేను చెప్పను. వాణ్ణే తేల్చుకోమను. ‘డ్రిప్పు’ను ‘బిందు సేద్యం’ అని రాస్తే టీచరు సంతోషిస్తారు. ఇంట్లో మాత్రం ఎవరూ అలా అనరు.

సైట్_ఇంజినీర్ · ఆదివారం, సాయంత్రం 5:20

నా పైకప్పు లెక్క ఒక్క ముక్క కూడా పెట్టలేదా తమ్ముడు 😀

రాధిక_బి · ఆదివారం, సాయంత్రం 5:32

పెట్టాడండీ, తర్వాత కొట్టేశాడు. “మూడు వేల లీటర్లు ఎక్కడ పెట్టాలో తేలలేదు కదా” అన్నాడు.

రాధిక_బి · తొమ్మిది రోజుల తర్వాత, రాత్రి 8:50

పేపర్లు ఇచ్చారు. పదికి ఏడు. కింద ఎర్ర పెన్నుతో ‘విషయం బాగుంది. పరిచయంలో నీటి గొప్పతనం లేదు. ముగింపులో సందేశం లేదు. ఉపశీర్షికలు పెట్టాలి’ అని రాశారు. ‘ప్రాముఖ్యం’లో చివర ‘త’ కూడా చేర్చారు.

వాడి పక్కన కూర్చునే అబ్బాయికి తొమ్మిది వచ్చాయట. వాడు బాక్స్ కట్టి కొటేషన్ పెట్టాడు.

టెన్త్_బ్యాచ్ · తొమ్మిది రోజుల తర్వాత, రాత్రి 8:55

నేను ముందే చెప్పా అక్కా.

చాక్‌పీసు · తొమ్మిది రోజుల తర్వాత, రాత్రి 9:30

మూడు మార్కులు నా ఖాతాలో రాసుకోమ్మా. నేనూ ఒకప్పుడు అలాగే దిద్దాను. నలభై ఐదు పేపర్లు, ఒక్క రాత్రి, అన్నిట్లోనూ ‘నీరు ప్రాణాధారం’. ఉపశీర్షికలు ఉంటే కన్ను ఆగే చోటు దొరుకుతుంది, అంతే. ఆ టీచరును తప్పుపట్టలేను.

ఇంతకీ కుళాయి బాగుచేయించారా?

రాధిక_బి · తొమ్మిది రోజుల తర్వాత, రాత్రి 9:41

వాషర్ మార్చాం మాస్టారూ. రెండు రోజులు ఆగింది, మళ్ళీ మొదలైంది. ప్లంబర్ విప్పి చూసి, ఉప్పు నీళ్ళకు లోపల వాషర్ కూర్చునే చోటే గుంటలు పడిపోయిందన్నాడు. ఎన్ని వాషర్లు మార్చినా కారుతుందట, కుళాయే మార్చాలట. మావాడు మళ్ళీ గ్లాసు పెట్టి కొలిచాడు. ఇప్పుడు నిండడానికి ఇరవై ఆరు నిమిషాలు పడుతోంది.

ఏడో_బోరు · తొమ్మిది రోజుల తర్వాత, రాత్రి 10:15

అక్కా, కొత్తది కొనేటప్పుడు పావు తిప్పు తిప్పితే తెరుచుకునే రకం చూపిస్తారు. దాంట్లో వాషర్ ఉండదు, పింగాణీ బిళ్ళలు ఉంటాయి. బాగానే ఉంటుంది, కానీ మన నీళ్ళలో ఇసుక వస్తే ఆ బిళ్ళలు గీసుకుపోతాయి. కుళాయి వచ్చిన మొదటి పది నిమిషాలు దాన్ని తెరవొద్దు, ఇంకో కుళాయిలో ఆ మురికి నీళ్ళు పట్టి కరివేపాకు చెట్టుకు పోయండి.

పిల్లోణ్ణి ఈ ఎండాకాలం సెలవుల్లో మా ఊరికి పంపించు. డ్రమ్ము ఉంది, వాచీ ఉంది. నూట పన్నెండు బోర్లుండాయి. ఎన్ని కొలవనిస్తారో చూద్దాం.